ఇరవై మంది పనిచేసే చోట ఎవరి మాట చెల్లాలి

యజమాని ఒక్కడే అన్నీ చూసుకునే చిన్న సంస్థకు నిర్మాణం లేదనుకోవడం పొరపాటు. ఉంటుంది, కాకపోతే కాగితం మీద కాకుండా యజమాని తలలో ఉంటుంది. ఎవరికి అరువివ్వాలి, ఏ సరుకు వెనక్కి పంపాలి, ఎవరికి సెలవివ్వాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఒకే చోట దొరుకుతుంది. పనివాళ్లు అయిదారుగురే ఉన్నంత కాలం ఇంతకంటే చవకైన, వేగమైన పద్ధతి మరొకటి లేదు. అందరూ ఒకే గదిలో ఉంటారు. ఒకరు ఫోన్లో మాట్లాడేది మరొకరి చెవిన పడుతుంది, ఎవరు ఏం చేస్తున్నారో అడగకుండానే తెలుస్తుంది.

ఇది ఎక్కడ తెగుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. యజమానితో కలిపి ఆరుగురున్న చోట ఇద్దరిద్దరి మధ్య నడవాల్సిన మాటల జతలు 15. యజమాని, ఇరవై మంది ఉద్యోగులు కలిసి 21 మంది ఉన్న చోట అవి 210. మనుషులు మూడున్నర రెట్లు పెరిగితే మాటల దారులు పద్నాలుగు రెట్లు పెరిగాయి. ఈ 210 దారుల్లో చాలావాటిని అవసరం లేకుండా చేయడమే నిర్మాణం చేసే పని. ప్యాకింగ్‌లో ఉన్న మనిషికి మిరపకాయల ధర ఎంతో తెలియనక్కర లేదు. ఈ రోజు ఏ సీసాలు ఎన్ని కట్టాలో, సందేహం వస్తే ఎవరిని అడగాలో తెలిస్తే చాలు.

విజయవాడ శివారులో పచ్చళ్లు, పొడులు తయారుచేసి అమ్మే యూనిట్ ఒకటి ఉందనుకుందాం. భార్యాభర్తలు ఇంట్లోనే మొదలుపెట్టారు. రుచి, పాళ్లు ఆమెవి. కొనుగోళ్లు, అమ్మకాలు ఆయనవి. ఆర్డర్లు పెరిగాక షెడ్డు అద్దెకు తీసుకున్నారు, కారం మర పెట్టారు, ఒక్కొక్కరినే చేర్చుకుంటూ వచ్చారు. పన్నెండు మంది దాటేదాకా ఇబ్బంది పెద్దగా కనిపించలేదు. ఇప్పుడు ఇరవై మంది అయ్యారు. తయారీలో తొమ్మిది మంది, స్టోర్‌లో ఇద్దరు, ప్యాకింగ్, పంపకాల్లో డ్రైవర్‌తో కలిపి అయిదుగురు, ఆర్డర్లు తీసుకునేవాళ్లు ముగ్గురు, లెక్కలకు ఒకరు. ఈ ఇరవై మందీ ఏ సందేహం వచ్చినా ఆ ఇద్దరి దగ్గరికే వస్తారు.

ఇలాంటి చోట జబ్బు అమ్మకాల లెక్కలో కనపడదు, అవి పెరుగుతూనే ఉంటాయి. అది చిన్న చిన్న విషయాల్లో బయటపడుతుంది. అరకిలో సీసాలు అయిపోతున్నాయని స్టోర్ మనిషి ఒక ఆర్డరు పెడతాడు, అదే రోజు యజమాని కూడా పెడతాడు. వారం తర్వాత రెండు లోడ్లు దిగుతాయి, మూతలు మాత్రం ఎవరూ చెప్పలేదు. మాగాయ మూడు రోజుల్లో అందుతుందని ఫోన్లో మాట ఇచ్చిన అమ్మాయికి మాగాయ నిల్వ లేదన్న సంగతి తెలియదు. సీసా కారిందని వచ్చిన ఫిర్యాదు ముగ్గురి చేతులు మారి, ఎవరూ ఏమీ చేయకుండానే చల్లబడుతుంది. తప్పు చేసినవాడు లేడు, ఆ పని ఫలానావారిదని ఎవరూ చెప్పలేదంతే. యజమాని పెళ్లికని రెండు రోజులు ఊరు వెళితే ఆ రెండు రోజులూ ఆయన మండపంలో ఒక మూల నిలబడి ఫోన్లోనే ఉంటాడు.

అమెరికాలో సంస్థల ఎదుగుదలను పరిశీలించిన లారీ గ్రైనర్ 1972లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో ఈ దశను నాయకత్వ సంకటం అన్నాడు. మొదట సంస్థను పెంచిన గుణాలే తర్వాత దాన్ని బిగించేస్తాయన్నది ఆయన వాదన. అన్నీ తానే చూసుకున్నందువల్ల పైకి వచ్చిన మనిషి, అన్నీ తానే చూసుకుంటున్నందువల్లే ఆగిపోతాడు.

ప్రశ్నల చిట్టా

ఈ దశలో చాలామంది కాగితం తీసుకుని పైన ఒక డబ్బా, కింద నాలుగు డబ్బాలు గీసి, వాటిలో మేనేజర్ అనే మాట రాసి పేర్లు నింపుతారు. నెల తిరిగేసరికి ఆ కాగితం గోడ మీదే ఉంటుంది, ప్రశ్నలు మాత్రం పాత దారిలోనే నడుస్తాయి. ఆ డబ్బాల్లో మనుషులున్నారు తప్ప నిర్ణయాలు లేవు. అందుకని మొదట చేయాల్సింది ఇప్పుడు ఏయే నిర్ణయాలు యజమాని దగ్గరికి వస్తున్నాయో లెక్కపెట్టడం.

దీనికి రెండు వారాలు చాలు. యజమాని జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని, ఎవరు ఏం అడిగినా ఒక్క ముక్కలో రాసుకుంటాడు. ఎవరు అడిగారు, ఏం అడిగారు, తాను ఏం చెప్పాడు అన్నవి ఉంటే సరిపోతుంది. భార్య కూడా వేరే పుస్తకంలో అలాగే రాయాలి. పచ్చళ్ల యూనిట్‌లో ఒక ఉదయం రాసుకున్నది ఇలా ఉండవచ్చు. ఏడింటికి గోంగూర బండి వచ్చింది, ఆకు తడిగా ఉంది, దించుకోవాలా? మరకు బెల్టు తెగింది, కొత్తది కొనాలా, అతికించాలా? హైదరాబాద్ దుకాణం పాత బాకీ కట్టలేదు, కొత్త సరుకు పంపాలా? ఒకామె రేపు రానంటోంది, సరేననమంటారా? బెంగళూరు వెళ్లిన పార్సెల్‌లో రెండు సీసాలు పగిలాయట, డబ్బు వెనక్కివ్వాలా, మళ్లీ పంపాలా?

రెండు వారాల చిట్టాను ముందేసుకుని చూస్తే ప్రశ్నలు మూడు రకాలుగా విడిపోతాయి. మొదటి రకానికి జవాబు ఎప్పుడూ ఒకటే. పగిలిన సీసాకు ప్రతిసారీ కొత్త సీసానే పంపుతున్నప్పుడు అది నిర్ణయం కాదు, నియమం. రాసి ఇస్తే ఎవరైనా పాటిస్తారు. రెండో రకంలో సందర్భాన్ని బట్టి ఆలోచించాలి గాని, ఆ ఆలోచనకు కావలసిన సమాచారం యజమాని దగ్గర కంటే పని దగ్గర ఉన్న మనిషి దగ్గరే ఎక్కువ ఉంటుంది. తడిసిన గోంగూర సంగతి ఇలాంటిదే. ఆకును చేత్తో పట్టి చూసిన మనిషి ఫోన్లో వర్ణిస్తే, చూడని మనిషి తీర్పు చెబుతున్నాడు. మూడో రకం నిజంగా యజమానివే. కొత్త రకం పచ్చడి తేవాలా, పెద్ద దుకాణానికి నెల అరువివ్వాలా, ఏడాదికి సరిపడా మిరపకాయలు ఏ ధరకు కొని శీతల గిడ్డంగిలో పెట్టాలి అన్నవి ఈ కోవలోకి వస్తాయి. చిట్టా రాసిన యజమానికి సాధారణంగా ఎదురయ్యే ఆశ్చర్యం, ఈ మూడో రకం తాననుకున్న దానికంటే చాలా తక్కువగా ఉండడం. అది కాస్త మనసుకు గుచ్చుకునే విషయమే.

చిట్టాలోని మొదటి రెండు రకాల ప్రశ్నలను ఏ పని చుట్టూ పుడుతున్నాయో చూసి కుప్పలు పోస్తే విభాగాలు వాటంతట అవే తేలతాయి. ఈ యూనిట్‌లో అవి అయిదు. తయారీ, స్టోర్, ప్యాకింగ్-పంపకాలు, ఆర్డర్లు, లెక్కలు. ఒక్కోదానికి ఒక బాధ్యుడు, ఆ అయిదుగురే యజమానికి నేరుగా జవాబు చెప్పేవాళ్లు. మిగతా పదిహేను మంది తమ తమ బాధ్యుల కింద ఉంటారు. మధ్యలో ఒక్క అంతస్తు చాలు. ఇరవై మందికి సూపర్‌వైజర్, అతని మీద మేనేజర్, ఆపైన జనరల్ మేనేజర్ అని మెట్లు కడితే మాట కిందికి దిగేసరికి రూపం మారిపోతుంది, జీతాల భారమూ పెరుగుతుంది.

తయారీలో ఒకరి కింద ఎనిమిది మంది ఉండడం ఎక్కువేమీ కాదు. అందరూ ఒకే షెడ్డులో, ఒకే రకం పనిలో, కంటికి ఎదురుగా ఉంటారు. యజమాని కింద మాత్రం అయిదుకు మించి పెంచకపోవడం మేలు. అక్కడ అయిదుగురివీ అయిదు వేర్వేరు పనులు, ఒక్కొక్కరితో ఒక్కో భాషలో మాట్లాడాలి. ఒకరి కింద ఎంతమంది ఉండాలన్నది పని ఎంత ఒకేలా ఉందన్న దాన్ని బట్టి తేలుతుంది, ఏ పుస్తకంలోనూ దానికి ఒకే అంకె లేదు.

ఒక పుట కాగితం

విభాగాలు తేలాక ఒక్కో బాధ్యుడికి ఒక పుట రాయాలి. చాలా సంస్థల్లో ఈ కాగితం పనుల జాబితాగా తయారవుతుంది. ఉదయం షెడ్డు తెరవాలి, హాజరు తీసుకోవాలి, తూకాలు చూడాలి అంటూ ఇరవై అంశాలు ఉంటాయి, చివర్లో యజమాని చెప్పిన ఇతర పనులన్నీ అని ఒక వాక్యం ఉంటుంది. ఆ చివరి వాక్యం పైనున్న ఇరవైనీ మింగేస్తుంది. పనికొచ్చే కాగితంలో పనుల కంటే ముందు రెండు సంగతులుండాలి. ఈ మనిషి వల్ల ఏ ఫలితం రావాలి, ఏ నిర్ణయాలు తనంతట తాను తీసుకోవచ్చు. తయారీ సూపర్‌వైజర్ కాగితాన్నే ఉదాహరణగా రాసి చూస్తే ఇలా ఉంటుంది.

"ఆ రోజు ప్లానులో ఉన్న పచ్చళ్లు, పొడులు ఆ సాయంత్రానికి, నిర్ణయించిన పాళ్లలో, బ్యాచ్ నంబరు వేసి ప్యాకింగ్‌కు అందాలి. షెడ్డు శుభ్రత, అక్కడ పనిచేసే ఎనిమిది మంది హాజరు ఈ ఉద్యోగి బాధ్యత. నాణ్యత బాగాలేదనిపిస్తే ఏ ముడిసరుకునైనా వెనక్కి పంపవచ్చు, ఏ బ్యాచ్‌నైనా ఆపవచ్చు. అందుకు ఎవరినీ అడగనక్కర లేదు, ఆ రోజు సాయంత్రంలోగా యజమానికి చెబితే చాలు. మర, మిక్సర్ల మరమ్మతుకు ఒక్కోసారి 2,000 రూపాయల దాకా ఖర్చు పెట్టవచ్చు. తన కింది వాళ్లకు రెండు రోజుల దాకా సెలవు ఇవ్వవచ్చు. పాళ్లు మార్చడం, మనిషిని తీసుకోవడం, తీసేయడం తనంతట చేయకూడదు. తాను రాని రోజున ఈ పనులు స్టోర్ బాధ్యుడు చూస్తాడు."

ఇందులో ప్రతి వాక్యం వెనుకా ఆ నోటుబుక్కులోని ప్రశ్న ఒకటి ఉంది. బెల్టు ప్రశ్న నుంచి 2,000 వచ్చింది. సెలవు ప్రశ్న నుంచి రెండు రోజులు వచ్చాయి. పాళ్లు మార్చకూడదన్నది కూడా అంతే ముఖ్యం. ఉప్పు కాస్త తగ్గిస్తే బాగుంటుందని సూపర్‌వైజర్‌కు తోచవచ్చు, రుచికి అది నిజమే కావచ్చు. పచ్చడి నిలవ ఉండేది మాత్రం ఆ ఉప్పు వల్లే. రెండు నెలల తర్వాత బూజు పట్టినప్పుడు తెలిసే సంగతిని ఆ రోజు నాలుక చెప్పలేదు. అందుకే ఆ నిర్ణయం రుచి చూసేవారి దగ్గర కాకుండా పాళ్లు కట్టినవారి దగ్గరే ఉంచాలి.

ఈ కాగితం ఉన్నప్పుడు గోంగూర బండి రాక ఎలా మారుతుందో చూడవచ్చు. ఏడింటికి బండి వచ్చింది. స్టోర్ మనిషి తూకం వేసి, ఆకు కింది మూటల్లో వేడెక్కి నల్లబడిందని గమనించి సూపర్‌వైజర్‌ను పిలుస్తాడు. ఆమె రెండు మూటలు విప్పి చూస్తుంది. "పై ఆరు మూటలు దించండన్నా, అడుగువి వద్దు" అంటుంది. బండివాడు "సార్‌తో మాట్లాడతాను" అని ఫోను తీస్తాడు. ఈ ఏర్పాటు నిలుస్తుందా, నిలవదా అన్నది తేలేది ఆ ఫోనులోనే. యజమాని అక్కడినుంచి "పోనీలే అమ్మా, ఈసారికి దించేసుకో" అన్నాడంటే ఆమె కాగితం చిరిగిపోయినట్టే. మర్నాటి నుంచి ఆమె ఏ బండినీ తిప్పి పంపదు, ప్రతిదానికీ ఫోను చేస్తుంది. "ఆవిడ చెప్పిందే" అని పెట్టేశాడంటే ఆ బండివాడు మళ్లీ ఫోను చేయడు.

రెండు విభాగాలు కలిసే చోట కాగితం మరింత జాగ్రత్తగా రాయాలి. ఆర్డర్లు తీసుకునేవారికి, పంపేవారికి మధ్య తగాదా దాదాపు ప్రతి సంస్థలోనూ ఉంటుంది. ఒకరు మాట ఇస్తారు, మరొకరు దాన్ని నిలబెట్టాలి. ఇద్దరి స్వభావాలు పడలేదని అనుకుంటారు గాని, తేదీ చెప్పే హక్కు ఎవరిదో రాయకపోవడమే అసలు కారణం. ఈ యూనిట్‌లో దీనికి పరిష్కారం చిన్నది. రోజూ సాయంత్రం స్టోర్ బాధ్యుడు ఏ రకం ఎన్ని సీసాలు సిద్ధంగా ఉన్నాయో ఒక పట్టిక ఇస్తాడు. ఆ పట్టికలో ఉన్నదానికి ఆర్డర్ల బాధ్యురాలు తనంతట తేదీ చెప్పవచ్చు. లేనిదానికి తయారీ సూపర్‌వైజర్‌ను అడిగి చెప్పాలి. పట్టికలో ఉన్న సరుకు రెండు రోజుల్లో బయల్దేరకపోతే జవాబు పంపకాల బాధ్యుడిది. సీసా కారితే అది మూత బిగింపు, సీలు సంగతి గనుక ప్యాకింగ్‌ది, కొరియర్‌వాణ్ని తిట్టి ఊరుకోవడానికి లేదు.

ఒక పనిలో నలుగురి చెయ్యి ఉండవచ్చు గాని జవాబుదారీ ఒక్కరే అయి ఉండాలన్నది దీనంతటి వెనుక ఉన్న నియమం. ఇద్దరూ కలిసి చూసుకుంటారు అని రాసిన పనిని ఎవరూ చూడరు.

డబ్బు నడిచే దారి

కొనుగోలు చేసే మనిషి, సరుకు దించుకునే మనిషి, డబ్బు చెల్లించే మనిషి ఒకరే అయితే మోసానికి దారి తెరిచినట్టేనని ఆడిటర్లు ఎప్పుడూ చెబుతారు. పెద్ద సంస్థల్లో ఇందుకు మూడు విభాగాలుంటాయి. ఇరవై మంది ఉన్న చోట అంత విడదీయలేరు, అయినా మూడు చేతులు మార్చడం సాధ్యమే. ధర మాట్లాడి ఆర్డరు పెట్టేది యజమాని. తూకం వేసి, దిగిన సరుకును పుస్తకంలో రాసేది స్టోర్ బాధ్యుడు. బిల్లు వచ్చినప్పుడు ఆర్డరులో ధరను, స్టోర్ పుస్తకంలో తూకాన్ని పక్కపక్కన పెట్టి, మూడూ కలిస్తేనే చెల్లింపుకు సిద్ధం చేసేది అకౌంటెంటు. పచ్చళ్ల యూనిట్‌లో ఈ సరిచూపు మొదటి నెలలోనే పనికొస్తుంది. బిల్లులో 500 కిలోలని ఉన్న ఆవాలు స్టోర్ పుస్తకంలో 485 అని ఉంటే, అది మోసమో సంచుల బరువో తర్వాత తేలుతుంది, ముందు తేడా అంటూ కంటబడుతుంది.

చెల్లింపు చివరి మెట్టు యజమానిదే. బ్యాంకుల వ్యాపార ఖాతాల్లో ఒకరు చెల్లింపు వివరాలు ఎక్కించడం, మరొకరు ఆమోదించడం అనే ఏర్పాటు ఉంటుంది. అది పెట్టుకోకుండా ఓటీపీ వచ్చే ఫోన్ను అకౌంటెంటు చేతికిచ్చేసే అలవాటు చాలాచోట్ల ఉంది. నమ్మకం మంచిదే. కానీ లెక్క తప్పిన రోజున ఆ నమ్మకస్తుణ్ని కాపాడేది కూడా రెండో చెయ్యే.

అకౌంటెంటు కాగితంలో తేదీలు ఉండాలి. నెలనెలా జీఎస్‌టీ వేసే సంస్థకు అమ్మకాల రిటర్ను తర్వాతి నెల 11, పన్ను చెల్లింపు రిటర్ను 20. పీఎఫ్, ఈఎస్ఐ చందాలు తర్వాతి నెల 15లోగా కట్టాలి. మనుషులు పెరుగుతున్న సంస్థకు ఈ రెండూ మధ్యలో వచ్చి తగులుతాయి. సాధారణంగా పది మంది పనిచేసే చోట ఈఎస్ఐ, ఇరవై మంది దగ్గర పీఎఫ్ వర్తిస్తాయి. పంతొమ్మిది దగ్గర ఆగిపోదామనో, ఇరవయ్యో మనిషిని హాజరులో రాయకుండా ఉంచుదామనో కొందరు చూస్తారు. తనిఖీలో అది బయటపడితే పాత బకాయి వడ్డీతో, నష్టపరిహారంతో సహా కట్టాలి. ఉద్యోగి వాటాను వెనక నెలల జీతాల నుంచి కోయడానికి వీలుండదు గనుక అదీ యజమాని మీదే పడుతుంది.

పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. దానికి అధ్యక్షురాలు సంస్థలోని సీనియర్ మహిళా ఉద్యోగి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటినుంచి ఒకరు. షెడ్డులో ఎక్కువమంది ఆడవాళ్లే అయిన పచ్చళ్ల యూనిట్‌లో తయారీ సూపర్‌వైజర్‌కు ఇది రెండో బాధ్యత అవుతుంది, కాగితంలో రాయాలి. ఆహార సంస్థ కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ శిక్షణ పొందిన భద్రతా సూపర్‌వైజర్ ఒకరు ఉండాలి. అదీ సహజంగా ఈమెకే వెళుతుంది. హెచ్ఆర్ కోసం విడిగా మనిషిని పెట్టుకోవడం ఇరవై మంది దగ్గర దండగే. రిజిస్టర్లు అకౌంటెంటు రాస్తాడు, ఎవరిని తీసుకోవాలన్నది యజమాని తేలుస్తాడు.

నియామక పత్రం, బాధ్యతల కాగితం వేర్వేరుగా ఉండాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ఉద్యోగులకు నియామక పత్రం ఇవ్వడాన్ని తప్పనిసరి చేశాయి. అది జీతం, హోదా, నిబంధనల ఒప్పందం, మాటిమాటికీ మారేది కాదు. పెరుగుతున్న సంస్థలో బాధ్యతలు ఆరు నెలలకోసారి మారతాయి. రెంటినీ ఒకే కాగితంలో కలిపేస్తే ప్రతి మార్పూ ఒప్పందం తిరగరాయడమే అవుతుంది.

ఎవరిని కూర్చోబెట్టాలి

కాగితాలన్నీ సరిగ్గా రాసినా మనిషి ఎంపికలో దెబ్బతినే సంస్థలే ఎక్కువ. అందరికంటే పాతవాళ్లను, అందరికంటే బాగా పనిచేసేవాళ్లను సూపర్‌వైజర్ చేయడం రివాజు. ఆవకాయ కలపడంలో ఆమె చేతికి సాటి లేదు కాబట్టి ఆమెకే అప్పగిస్తారు. ఆమె ఎనిమిది మంది పనినీ తానే చేసిపెట్టడం మొదలుపెడుతుంది, ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేదు. నెల తిరిగేసరికి ఒక మంచి పనిమనిషిని పోగొట్టుకుని, ఒక మెతక సూపర్‌వైజర్‌ను సంపాదించినట్టవుతుంది. పరీక్షించే మార్గం ఒకటుంది. ఆమెకు ఒక నెల పాటు ఇద్దరినే అప్పగించి ఒక చిన్న బ్యాచ్ పూర్తిగా చేయించమనాలి. తాను చేసిందా, చేయించిందా అన్నది అక్కడే తెలిసిపోతుంది. చేయించలేని మంచి పనివాళ్లకు హోదా ఇవ్వకుండా, నైపుణ్యానికి తగ్గట్టు జీతం పెంచడం ఇద్దరికీ మర్యాద.

బిరుదుల విషయంలో పొదుపుగా ఉండడం మంచిది. మొదట చేరిన మనిషిని జనరల్ మేనేజర్ అని పిలిస్తే, సంస్థ యాభై మందికి చేరి నిజంగా ఆ స్థాయి మనిషి కావలసి వచ్చినప్పుడు చోటు ఖాళీ ఉండదు. ఇన్‌చార్జి, సూపర్‌వైజర్ అన్న మాటలు ఈ దశకు చాలు.

కుటుంబ సంస్థల్లో అసలు చిక్కు మరోచోట ఉంటుంది. ఫ్రాన్స్‌లో గనుల సంస్థ నడిపిన హెన్రీ ఫయోల్ 1916లో ప్రచురించిన రచనలో, ఒక ఉద్యోగికి ఆజ్ఞ ఒక్కరి నుంచే రావాలన్నాడు. పచ్చళ్ల యూనిట్‌లో ఈ సూత్రం మొదట భార్యాభర్తల దగ్గరే తేలాలి. పొద్దున ఆమె నిమ్మకాయ పచ్చడి చేయమంటుంది, పదింటికి ఆయన వచ్చి ముందు కందిపొడి కానివ్వమంటాడు, సూపర్‌వైజర్ ఇద్దరికీ తలూపుతుంది. తయారీ, స్టోర్ ఆమె కింద, మిగతా మూడూ ఆయన కింద అని విడదీసి, అయిదుగురికీ ఇద్దరూ కలిసి ఆ మాట చెప్పాలి. ఒకరి విభాగంలో మరొకరికి లోపం కనబడితే అది రాత్రి ఇంట్లో మాట్లాడుకోవాల్సిన సంగతి, షెడ్డులో కాదు. కాగితం లేకుండా వచ్చిపోతూ పెత్తనం చేసే బావమరిది ఉంటే ఆయనకూ ఒక పుట రాయాలి, లేదా ఆయనది పలకరింపే తప్ప అజమాయిషీ కాదని అందరికీ తెలియాలి. రాయడం కంటే ఇది చెప్పడమే కష్టం.

మార్పు జరిగే వరుస

అయిదు విభాగాలనూ ఒక్క రోజున ప్రకటించకూడదు. పచ్చళ్లవాళ్లకు ఏప్రిల్ నుంచి జూన్ దాకా మామిడికాయ కాలం, తెచ్చిన కాయ తెచ్చిన రోజే ముక్కలవ్వాలి. అప్పుడు కొత్త పద్ధతులు పెడితే రెండూ చెడతాయి. ఆగస్టులో మొదలుపెట్టి సంక్రాంతి నాటికి పూర్తిచేయడం సాధ్యమవుతుంది. ముందు లెక్కలు, స్టోర్ నిలబడాలి, ఎందుకంటే మిగతా ముగ్గురూ నిర్ణయాలు తీసుకునేది ఆ రెండు చోట్ల తయారయ్యే అంకెలను చూసే. తర్వాత పంపకాలు, ఆ తర్వాత తయారీ. ఆర్డర్లది చివరి వంతు, మిగతావి కుదిరితేగాని అక్కడ ఇచ్చే మాటకు ఆధారం ఉండదు.

అధికారం కూడా మెట్లు మెట్లుగా చేతులు మారుతుంది. మొదటి నెల బాధ్యుడు తానేం చేయాలనుకుంటున్నాడో చెప్పి, సరేనన్నాక చేస్తాడు. ఉత్త ప్రశ్న తేకూడదు, తన జవాబుతో కలిపి తేవాలి. రెండో నెల నుంచి చేసి, అదే రోజు చెబుతాడు. నాలుగో నెలకు వారానికోసారి చెబితే చాలు. ఈ వ్యవధిలో తప్పులు జరుగుతాయి. మంచి గోంగూర తిప్పి పంపిన రోజూ ఉంటుంది, చెడ్డది దించుకున్న రోజూ ఉంటుంది. రూపాయల హద్దు పెట్టింది అందుకే. ఆ హద్దులోపలి తప్పు ఖరీదు ముందే లెక్కగట్టినదన్నమాట.

పొద్దున్నే అయిదుగురు బాధ్యులూ యజమానులూ పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోవడం ఈ ఏర్పాటుకు ఇరుసు. ఈ రోజు ఏం తయారవుతుంది, ఏం బయల్దేరుతుంది, ఏది అడ్డం పడింది అన్న మూడు సంగతులే. కూర్చుంటే అది గంట అవుతుంది.

ఈ దశలో పాత అలవాటు యజమానిని వెనక్కి లాగుతూనే ఉంటుంది. షెడ్డులో నడుస్తూ మూత సరిగా బిగించని మనిషిని చూస్తే అక్కడే చెప్పేయాలనిపిస్తుంది. ప్రమాదం ఉంటే చెప్పాల్సిందే. లేకపోతే ఆ మాట ప్యాకింగ్ బాధ్యుడికి చెప్పి, అతని ద్వారా చెప్పించాలి. కిందివాళ్లు కూడా సూపర్‌వైజర్‌ను దాటి "సార్, మీరే చెప్పండి" అని వస్తారు. వాళ్లను విని, "ఆవిడకు చెప్పావా?" అని అడగాలి. అయితే ఈ నియమానికి ఒక మినహాయింపు ఉండాలి. సూపర్‌వైజర్ మీదే ఫిర్యాదున్నప్పుడు నేరుగా యజమాని దగ్గరికి రావచ్చని అందరికీ తెలియాలి. లేకపోతే మధ్య అంతస్తు గోడగా మారుతుంది.

ఏర్పాటు నిలిచిందా లేదా అని చూడడానికి పాత నోటుబుక్కే పనికొస్తుంది. ఆరు నెలల తర్వాత మరో రెండు వారాలు రాయాలి. ప్రశ్నల సంఖ్య తగ్గడం ఒక్కటే చాలదు, మిగిలినవి ఏ రకమో చూడాలి. మొదటి రకం ప్రశ్నలు ఇంకా వస్తుంటే నియమం రాయలేదని, లేదా రాసింది ఎవరికీ చేరలేదని అర్థం. రెండో రకం ఒకే మనిషి నుంచి పదే పదే వస్తుంటే ఆ మనిషికి హద్దు చాలడం లేదు, లేదా ధైర్యం చాలడం లేదు. హద్దు పెంచి చూస్తే ఏదో తేలిపోతుంది. ప్రశ్నలు పూర్తిగా ఆగిపోయి, సీసాలు కారుతున్నాయన్న ఫిర్యాదులు మాత్రం పెరుగుతుంటే ఎవరో నిర్ణయాలు తీసుకోకుండా దాటవేస్తున్నారని అనుమానించాలి.

ఈ పద్ధతి అన్నిచోట్లా ఒకేలా కుదరదు. ఎనిమిది మంది లోపు ఉన్న చోట ఇంత కాగితం బరువే. ఇరవై మంది ఇంజినీర్లున్న సాఫ్ట్‌వేర్ సంస్థలో విభాగాలు పనిని బట్టి కాకుండా ప్రాజెక్టును బట్టి విడిపోతాయి, అక్కడ ఒకే మనిషి రెండు బృందాల్లో ఉండవచ్చు. పచ్చళ్ల యూనిట్‌లోనే ముప్పై, నలభై మంది దాటాక కొనుగోళ్లు యజమాని చేతి నుంచి విడిగా ఒక విభాగానికి వెళ్లాలి. అప్పుడు స్టోర్ బాధ్యుడి కాగితం మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వస్తుంది.